వెయ్యి రూపాయల మాట

జాలిపడి అద్దె తగ్గించిన ఇంటివాళ్లు ఆ జాలికి కూడా వడ్డీ వసూలు చేస్తారు. ఎవరొస్తున్నారు, ఇంత ఆలస్యమైందేం అన్న ఆరాలు అక్కడే మొదలవుతాయి, ముఖ్యంగా ఒంటరిగా ఉండే ఆడవాళ్లకి. అందుకే విద్యానగర్‌లో 11 నెలల అగ్రిమెంటు ముగియబోతున్నప్పుడు, గెస్ట్ లెక్చరర్‌కి వేసవిలో జీతం రాదన్న సంగతి నేను ఎత్తలేదు. అది నా ఇబ్బంది. ఇంటి విలువతో దానికి సంబంధం లేదు.

గడువుకి నెల ముందే, అద్దె చేతికిచ్చిన రోజున అడిగాను. "అంకుల్, 12,000 ఇస్తున్నాను. మన వీధిలోనే ఇలాంటి రెండు గదుల పోర్షన్లు రెండు 10,500కి టులెట్ ఉన్నాయి. ఎండాకాలం బోరు ఎండిపోతే ట్యాంకర్ డబ్బులూ నేనే పెట్టుకుంటున్నాను. 11,000కి వీలవుతుందా? రెండేళ్లు ఖాళీ చేయను. ఈసారి రంగులు నేనే వేయించుకుంటాను."

"అందరూ పెంచుతుంటే నువ్వు తగ్గించమంటావేంటమ్మా?" అన్నారాయన.

ఏడాదికి ఆయనకి తగ్గేది 12,000. ఇల్లు ఒక్క నెల ఖాళీగా పడి ఉన్నా పోయేది అంతే. ఆ లెక్క చెప్పాను గానీ, బెదిరింపులా వినపడకూడదని 'వెళ్లిపోతాను' అనలేదు. వారం ఆలోచించుకోమన్నాను.

చివరికి 11,500 అన్నారు, ట్యాంకర్ ఖర్చు చెరిసగం. రెండూ కొత్త అగ్రిమెంటులో రాయించాను. అన్నట్టు, ఇల్లు ఆంటీ పేరు మీద ఉంది. బేరమంతా తలుపు పక్కన నిలబడి విన్న ఆవిడ, చివర్లో వచ్చి సంతకం పెట్టారు.