నింద పడిన చోటే…

పోయిన ఏడాది మా హిందూపురంలో పొదుపు సంఘాల సమాఖ్య మీటింగు. హాల్లో అరవై మంది దాకా ఆడవాళ్ళం ఉన్నాం. మా సంఘానికి నేనే లీడరును. ప్రభుత్వం వేసే ఒక పథకం డబ్బు మా పదిమందిలో తొమ్మిది మందికి పడింది, ఒకామెకు పడలేదు. ఆమె లేచి అందరి ముందూ అనేసింది: "పేర్లు, నెంబర్లు రాసిచ్చింది ఈ అక్కే. నా డబ్బు యాడికి పాయ? ఈమెనే అడగండి."

నాకు నోట మాట రాలేదు. "నాకేం తెలుసు?" అన్నాను. అదే నేను చేసిన పొరపాటు. ఆ మాట తప్పించుకునేవాళ్ళు అనే మాటలా వినబడింది. వెనక వరసలో గుసగుసలు మొదలయ్యాయి. ఆ ఫిర్యాదు తీర్మానాల పుస్తకంలోకి కూడా ఎక్కింది. ఇంటికొచ్చి పొయ్యి ముందు కూర్చుని ఏడ్చాను.

పెనుకొండలో మా అక్క చాలా ఏళ్ళుగా సంఘం లెక్కలు రాస్తోంది. ఫోన్ చేసి చెబితే, "ఇంటింటికీ పోయి చెప్పుకోవద్దే. ఎంత చెప్పుకుంటే అంత అనుమానం. సభలో పడిన మాట సభలోనే పోవల్ల. ముందు డబ్బు యాడుందో చూడు. ఒక్కదానివే పోవద్దు, ఆమెనే వెంట పెట్టుకుని పో" అంది.

మొదట నా కాగితాలు తీశాను. ఆమె పాస్‌బుక్కు జిరాక్సు, నేను రాసిచ్చిన నెంబరు అంకె అంకె సరిపోయాయి. అయినా అది చూపించి గెలిచినట్టు కాదు, ఆమెకు డబ్బు రాలేదు కదా! ఆమె ఇంటికి వెళ్ళాను. ముఖం ముడుచుకునే కూర్చోమంది.

ఇద్దరం బ్యాంకుకు వెళ్తే అక్కడి అమ్మాయి అసలు సంగతి విప్పి చెప్పింది. ఇలాంటి డబ్బు చాలాసార్లు మనం రాసిచ్చిన ఖాతా నెంబరును బట్టి కాక, ఆధార్ నెంబరును బట్టి వెళ్తుందట. ఏ ఆధార్‌కు ఏ బ్యాంకు అన్నది ఎన్‌పీసీఐ దగ్గర ఒక పట్టీలో ఉంటుంది. ఒక ఆధార్‌కు ఒకే బ్యాంకు. కొత్త బ్యాంకులో ఖాతా తెరిచి, సబ్సిడీ డబ్బు ఇందులోనే పడాలని సంతకం పెడితే పాత బ్యాంకు పేరు పోయి కొత్తది చేరుతుంది. పాత పాస్‌బుక్కు మన చేతిలోనే ఉంటుంది, డబ్బు మాత్రం రాదు.

myAadhaar సైటులో ఆమె ఆధార్ నెంబరు కొట్టాం. ఓటీపీ వాళ్ళాయన ఫోనుకు వెళ్ళింది, సాయంత్రం ఆయన వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. Bank Seeding Status నొక్కితే వేరే బ్యాంకు పేరు కనబడింది. ఆమె కాసేపు చూసి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. రెండో కాన్పుకు ధర్మవరం పుట్టింటికి పోయినప్పుడు ఎవరో చెబితే అక్కడొక ఖాతా తెరిచిందట. మర్చేపోయింది.

మర్నాడు ఇద్దరం రైల్లో ధర్మవరం వెళ్ళాం. పాస్‌బుక్కు ప్రింటు వేయిస్తే ఆఖరి వరసలో డబ్బు ఉంది! తిరిగొచ్చి హిందూపురం బ్యాంకులో ఆధార్ అనుసంధానం ఫారం ఇచ్చాం. కొన్ని రోజులకు సైటులో పేరు మారింది.

వచ్చే మీటింగులో పాత తీర్మానాలు చదవగానే, వేరే విషయంలోకి పోకముందే రెండు నిమిషాలు ఇమ్మని అధ్యక్షురాలిని అడిగాను. "డబ్బు దొరికింది. ఎట్ల దొరికిందో ఆమే చెబుతుంది" అని కూర్చున్నాను. నీదే తప్పు అని నేనంటే ఆమె మళ్ళీ ఎదురు తిరిగేది, సభ రెండుగా చీలేది. అయినా ఆమెది మాత్రం తప్పేముంది? సంతకం పెట్టించుకున్నవాళ్ళు ఈ సంగతి చెప్పలేదాయె. ఆమె లేచి ధర్మవరం పాస్‌బుక్కు చూపించి, "అక్కను ఊరికే అంటిని" అంది. ఆ మాట కూడా పుస్తకంలో రాయించి అందరి సంతకాలు పెట్టించాను. ఫిర్యాదు ఉన్న పుస్తకంలోనే జవాబూ ఉండాలి కదా. రేపు కొత్త లీడరు వచ్చి తిరగేస్తే సగం కథే కనబడకూడదు.

అందరూ ఒక్కసారిగా మారిపోయారని చెప్పను. ఒకామె ఇప్పటికీ నాతో ముభావంగానే ఉంటుంది. కానీ ఆరోజు మీటింగు అయ్యాక, గుసగుసలు వినబడిన ఆ వెనక వరస నుంచే ఒక పెద్దావిడ ఆధార్ కార్డు పట్టుకుని నా దగ్గరికొచ్చింది.

"నాది యే బ్యాంకులో ఉందో రవంత చూడమ్మా."

ఆ కార్డు చేతిలోకి తీసుకున్నాక గానీ నా గుండె బరువు దిగలేదు.