లాగ్ ఎక్కడ్నుంచి వచ్చింది?

మెర్జ్ సార్ట్ టైమ్ కాంప్లెక్సిటీ ఎంత అని వైవాలో అడిగితే, మా క్లాసులో నిద్రలో లేపినా n log n అని చెప్పేస్తారు. n అంటే ఏంటో అందరికీ తెలుసు. ఆ పక్కన లాగ్ ఎందుకుందంటే మాత్రం ఏదో థియరమ్ పేరు చెప్పి ఆగిపోతాం. నా రూమ్మేట్‌కి ఈ సబ్జెక్టులో సప్లీ ఉంది. వాడిది పలాస. "థియరమ్ నాకొద్దురా, అసలు ఏటవుతాదో సెప్పు" అన్నాడు. నెలకోసారి రైల్లో ఇంటికెళ్తాడు కాబట్టి దారిలో స్టేషన్లన్నీ వాడికి కంఠతా. అందుకని ఎనిమిది స్టేషన్ల పేర్లు చీటీల మీద రాసి, కలిపేసి, మంచం మీద వరసగా పెట్టాం:

పొందూరు, పలాస, విజయనగరం, తిలారు, సోంపేట, చీపురుపల్లి, నౌపడ, ఇచ్ఛాపురం.

ఇచ్ఛాపురం నుంచి కిందికొచ్చే రైలుకి ఏది ముందొస్తే అది ముందుండాలి. రెండు చీటీలు చూసి ఏది ముందో చెప్తే ఒక కంపేరిజన్.

ముందు విడగొట్టడం. ఎనిమిదిని నాలుగు నాలుగుగా, వాటిని రెండ్రెండుగా, చివరికి ఒక్కొక్కటిగా. ఇక్కడ ఏ రెండు పేర్లనీ పోల్చలేదు, సగానికి విరిచామంతే. కానీ ఒక్క చీటీ ఉన్న లిస్టు ఎప్పుడూ వరసలోనే ఉంటుంది కదా. విడగొట్టడం వల్ల దొరికేది అదే, వరసలో ఉన్న ఎనిమిది బుల్లి లిస్టులు.

ఇక కలపడం. పక్కపక్కవి జతచేస్తే: పలాస–పొందూరు, తిలారు–విజయనగరం, సోంపేట–చీపురుపల్లి, ఇచ్ఛాపురం–నౌపడ. జతకి ఒకటి చొప్పున నాలుగు కంపేరిజన్లు. జతల్ని కలిపితే రెండు లిస్టులు మిగిలాయి:

పలాస, తిలారు, పొందూరు, విజయనగరం
ఇచ్ఛాపురం, సోంపేట, నౌపడ, చీపురుపల్లి

ఒక్కోదానికి మూడు కంపేరిజన్లు పట్టాయి. చివరి మెర్జ్ దగ్గర మావాడు అన్ని చీటీలూ వెతకబోయాడు. అక్కర్లేదు. రెండు లిస్టుల్లోనూ మొదటి చీటీలే చూడాలి. వెనకున్నవన్నీ వాటి తర్వాతే వస్తాయని ముందే తేలిపోయింది. పలాసా, ఇచ్ఛాపురమా? ఇచ్ఛాపురం తీసేయ్. పలాసా, సోంపేటా? సోంపేట. పలాసా, నౌపడా? ఇప్పుడు పలాస. తర్వాత తిలారుతో నౌపడ, తిలారుతో చీపురుపల్లి, పొందూరుతో చీపురుపల్లి, విజయనగరంతో చీపురుపల్లి. కింది లిస్టు అయిపోయింది. మిగిలిన విజయనగరాన్ని ఎవరితోనూ పోల్చకుండా చివర పెట్టేయడమే. ఏడు కంపేరిజన్లు.

మొత్తం 4 + 6 + 7, అంటే 17. ప్రతిదాన్నీ ప్రతిదానితో పోల్చి ఉంటే 28 అయ్యేవి.

17 కన్నా చీటీలు ఎన్నిసార్లు కదిలాయో చూస్తే లాగ్ ఇంకా బాగా కనపడుతుంది. ఒక్కో రౌండులో ప్రతి చీటీనీ ఒక్కసారి తీసి కొత్త వరసలో పెట్టాం. ఎనిమిది కదలికలు. అలాంటివి మూడు రౌండ్లు, 24. మూడే ఎందుకు? లిస్టు సైజు 1 నుంచి 2, 4, 8 అయింది. ఒకటిని ఎన్నిసార్లు రెట్టింపు చేస్తే n అవుతుందో అదే లాగ్, బేస్ 2తో. ఒక రౌండుకి n పని, రౌండ్లు log n. అంతకుమించి అందులో రహస్యం లేదు. (కోడ్ నిజానికి ఎడమ సగాన్ని పూర్తిగా ముగించాకే కుడివైపు వెళ్తుంది. రౌండ్లుగా చూడటం మన లెక్క సులువు కోసమే.)

పదహారు స్టేషన్లయితే ప్రతి చీటీకీ ఒక్క రౌండే పెరుగుతుంది, 16 × 4 = 64. సుమారు పది లక్షల పేర్లకి ఇరవై రౌండ్లు, అంటే దాదాపు రెండు కోట్ల కదలికలు. ప్రతి జతనీ పోల్చుకుంటూ పోతే 55,000 కోట్ల దగ్గర తేలతాం. ఎనిమిది చీటీల దగ్గర ఈ తేడా ఎవరికీ పట్టదు, అందుకే పేపర్ మీద చేసేటప్పుడు మెర్జ్ సార్ట్ అనవసర హడావిడిలా అనిపిస్తుంది.

పైథాన్‌లో రాసేటప్పుడు ఒక తిరకాసుంది. "మొదటి చీటీ తీసేయ్" అన్నదాన్ని చాలామంది ఇలా రాస్తారు:

```
out.append(a.pop(0))
```

ఆన్సర్ సరిగ్గానే వస్తుంది, టెస్ట్ కేసులన్నీ పాసవుతాయి. కానీ `pop(0)` చేసిన ప్రతిసారీ వెనకున్నవన్నీ ఒక్కో గడి ముందుకి జరగాలి. రౌండుకి n అనుకున్న పని కాస్తా n² వైపు పోతుంది. వెయ్యి పేర్లతో రన్ చేస్తే ఇది దొరకదు. లక్షల్లోకి వెళ్ళి, n ని రెట్టింపు చేసి టైమ్ చూడాలి. రెండింతల కన్నా కొంచెం ఎక్కువైతే n log n. నాలుగింతల వైపు పోతుంటే ఎక్కడో ఇలాంటి లైను దాక్కుని ఉన్నట్టే. చీటీని తీయకుండా, ఎక్కడిదాకా వచ్చామో `i`, `j` అని రెండు ఇండెక్సులు పెట్టుకుని ముందుకి జరుపుకుంటూ పోతే సరిపోతుంది.