పెనుకొండ నుంచి ఓ ఉత్తరం

'గౌరవనీయులైన సార్‌కు నమస్కారాలు. పార్టీల నిధుల మీద డిసర్టేషన్ రాద్దామనుకుంటున్నాను. ప్రపోజల్ జతపరిచాను. తప్పులుంటే దిద్దగలరు...'

పెనుకొండ కుర్రాడొకరు అనంతపురంలో ఉన్న తన ప్రొఫెసర్‌కు రాసిన ఉత్తరం ఇలా మొదలవుతుంది. ప్రపోజల్ నాలుగు పేజీలు. 2024 ఎన్నికల్లో హిందూపురం, పెనుకొండ, ధర్మవరం నియోజకవర్గాల్లో పార్టీలకు డబ్బు ఎక్కణ్నుంచి వచ్చిందో తేల్చడం లక్ష్యం. ఈ మూడే ఎందుకంటే హిందూపురానికి మార్కెట్ ఉంది, ధర్మవరానికి పట్టుచీరల వ్యాపారం ఉంది, పెనుకొండ పక్కన కార్ల ఫ్యాక్టరీ ఉంది. ఏ ఊళ్లో ఏ డబ్బుంటే ఎన్నికల్లో ఆ డబ్బే దిగుతుందని అతని అంచనా.

వారం తిరిగేసరికి ప్రపోజల్ వెనక్కి వచ్చింది. మొదటి పేజీ అంచున ఎర్ర ఇంకుతో ఒకటే ప్రశ్న: 'నువ్వు వెతికే డబ్బు ఏ పుస్తకంలో రాసుంటుంది?'

కుర్రాడికి మొదట కోపం వచ్చింది. తర్వాత ఆలోచిస్తే అసలు చిక్కు అక్కడే ఉందని అర్థమైంది. పార్టీ లెక్క ఊరి పేరిట ఉండదు. ఏడాదికి 20,000 రూపాయలు దాటి ఇచ్చిన దాతల పేర్లను పార్టీ ఎన్నికల సంఘానికి చెప్పాలి. అంతకు తక్కువైతే పేరు చెప్పక్కర్లేదు. పోనీ పేరున్నా, ఆ సొమ్ము ఏ నియోజకవర్గానికి వెళ్లిందో ఆ జాబితా చెప్పదు. 2018లో వచ్చిన ఎన్నికల బాండ్లను సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి 15న కొట్టేసింది. మార్చిలో నంబర్లతో సహా వివరాలు బయటికొచ్చాక ఏ కంపెనీ బాండు ఏ పార్టీకి చేరిందో జోడించి చూడటం వీలైంది. ఆ జాడ కూడా పార్టీ ఖాతా దగ్గర ఆగిపోతుంది. ధర్మవరం దాకా రాదు.

మరి ఊరి దాకా వచ్చే కాగితం ఏది? ప్రొఫెసర్ రెండో పేజీలో దాని గురించే రాశారు: 'పార్టీని వదిలి అభ్యర్థిని పట్టుకో.'

అభ్యర్థి నామినేషన్ రోజు నుంచి ఫలితం వచ్చేదాకా పెట్టిన ఖర్చంతా రాయాలి. ఫలితం వచ్చిన 30 రోజుల్లోగా జిల్లా ఎన్నికల అధికారికి లెక్క ఇవ్వాలి. రిజిస్టర్‌లో తెల్ల పేజీలు రోజువారీ ఖర్చుకు, గులాబీ పేజీలు నగదుకు, పసుపు పేజీలు బ్యాంకు లెక్కకు. సొంత డబ్బెంత, పార్టీ ఇచ్చిందెంత, ఇతరులు ఇచ్చిందెంత అన్నది విడివిడిగా చూపాలి. కుర్రాడికి కావలసింది అదే. మూడు నియోజకవర్గాలూ శ్రీ సత్యసాయి జిల్లాలోవే కనుక లెక్కలన్నీ పుట్టపర్తిలోనే దొరుకుతాయి. రూపాయి రుసుము కడితే ఎవరైనా చూడొచ్చని నిబంధన. నకలు కావాలంటే వేరే రుసుము.

పోలికకూ అవకాశం ఉంది. 2024లో హిందూపురం, పెనుకొండల్లో తెలుగుదేశం గెలిస్తే, ధర్మవరంలో దాని మిత్రపక్షం బీజేపీ గెలిచింది. 'పార్టీ ఇచ్చింది' అన్న గడిలో ఏ పార్టీ అభ్యర్థి ఎంత రాశారో పక్కపక్కన పెట్టి చూడొచ్చు.

అయితే రాసిందంతా నమ్మేయొద్దని ప్రొఫెసర్ హెచ్చరిక. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి 40 లక్షలు. ఒక్కో చోట ఓటర్లు రెండు లక్షల పైచిలుకు. అంటే పరిమితి మొత్తం ఖర్చుపెట్టినా ఓటరుకు 20 రూపాయలు కూడా పడదు. ఎన్నికలు చూసిన వాళ్లెవరికైనా ఇది విని నవ్వొస్తుంది. అందుకే అభ్యర్థి రిజిస్టర్ పక్కన అధికారులు రాసే షాడో రిజిస్టర్ పెట్టి చూడాలి. ఒక సభకు అభ్యర్థి 500 కుర్చీలు రాశారనుకుందాం. వీడియో చూసిన అధికారులు 1500 లెక్కగట్టారు. జిల్లాలో ఖరారు చేసిన అద్దె రేటుతో వెయ్యి కుర్చీల తేడాను గుణిస్తే ఆ ఒక్క సభకు తగ్గించిన సొమ్ము తెలుస్తుంది. అలాంటి పది సభలు చూస్తే అలవాటో పొరపాటో బయటపడుతుంది.

అప్పటికీ రెండు రంధ్రాలు మిగులుతాయి. నామినేషన్‌కు ముందు పెట్టిన ఖర్చు ఈ లెక్కలోకి రాదు. పార్టీ తన సాధారణ ప్రచారానికి పెట్టే ఖర్చుకు పరిమితే లేదు, స్టార్ ప్రచారకుల ప్రయాణాలు కూడా అభ్యర్థి పద్దులో పడవు. ఓటుకు పంచే నోట్ల సంగతి సరేసరి, ఏ రంగు పేజీలోనూ కనిపించదు. 'దొరకని దాన్ని ఊహించి అంకె వేయకు. దొరకలేదనే రాయి' అని ప్రొఫెసర్ మాట.

కుర్రాడు ప్రపోజల్ పేరు మార్చాడు. 'నిధుల సేకరణ' పోయి 'అభ్యర్థులు చూపిన ఆదాయ వ్యయాలు' వచ్చింది. నాలుగు పేజీలు రెండయ్యాయి. రెండో ఉత్తరం మరీ చిన్నది.

'సార్, సోమవారం పుట్టపర్తి వెళ్తున్నా. ఆ రూపాయి ఎక్కడ కట్టాలో చెప్పగలరా?'