మూడు మాటలు తీసేశాక

మోకాలి ఆపరేషన్ కోసం ఆరు వారాలు సెలవు పెట్టాను. మా క్లబ్ సర్వర్ పని రూమ్మేట్‌కి అప్పజెప్పాలి కదా, రాత్రి కూర్చుని నోట్ రాశాను. అందులో ఒక లైన్: "బ్యాకప్ సంగతి చాలాసార్లు చెప్పాను, ఇంకా అవ్వలేదు. కనీసం ఇప్పుడైనా చూడు."

ఫోన్‌లో చదివి వినిపిస్తే అక్క, "ఇది అప్పగింతా, చార్జిషీటా?" అంది.

నేనేం తిట్టలేదే అనుకున్నా. మళ్లీ చూస్తే "ఇంకా", "కనీసం", "ఇప్పుడైనా". వాడి మీద వేలు చూపిస్తున్నవి ఈ మూడే. అవి తీసేస్తే లైన్‌లో ఏమీ మిగల్లేదు! బ్యాకప్ ఎప్పుడు ఆగింది, ఎందుకు, ఏం చేయాలి, అయిందని ఎలా తెలుస్తుంది, ఒక్కటీ రాయలేదు.

మళ్లీ రాశాను: "10వ తేదీ నుంచి బ్యాకప్ రావట్లేదు. కారణం, డిస్క్ నిండిపోయింది. `/var/log`లో పాత `.gz` ఫైళ్లు తీసెయ్. `df -h` కొడితే `Use%` 80 లోపు చూపించాలి. మర్నాడు పొద్దున ఆ తేదీతో బ్యాకప్ ఫైల్ ఉండి, సైజు సున్నా కాకపోతే పని అయినట్టే. అవ్వకపోతే సాయంత్రం 6 తర్వాత నాకు ఫోన్ చెయ్, పర్లేదు."

"తీసెయ్" దగ్గర చెయ్యి ఆగింది. ఆ ఫైళ్లు తీయాలంటే `sudo` కావాలి. వాడి అకౌంట్‌కి అది నేనెప్పుడూ ఇవ్వలేదు. వాడు మొహమాటానికి అడగలేదేమో, నేను బద్ధకం అనుకున్నాను.

అప్పుడే ఇచ్చేసి, నోట్‌లో మొదటి లైన్‌గా పెట్టాను: "నీకు `sudo` ముందే ఇవ్వాల్సింది, మర్చిపోయాను. ఇవాళ ఇచ్చాను."