సోమవారంలోనూ మండేలోనూ ఒకడే చంద్రుడు

మా ఎన్నూరు పిల్లలకి వారాలు మూడు భాషల్లో వస్తాయి. బడిలో మండే, వీధిలో తింగళ్, ఇంట్లో సోమవారం. మూడింటిలోనూ ఉన్నది చంద్రుడే.

గురువారం దగ్గర కాస్త ఆగాలి. మన పెద్దవాళ్ళు అనే బేస్తవారం బృహస్పతి పేరే. తమిళుల వియాళన్ కూడా ఆ గ్రహమే. థర్స్‌డేలో మాత్రం థోర్ ఉన్నాడు. రోమనుల జూపిటర్ రోజుని ఉత్తర ఐరోపా వాళ్ళు తమ థోర్‌కి ఇచ్చుకున్నారు, ఇద్దరి చేతిలోనూ పిడుగే కదా!

మరి వారాల వరుస అన్నిచోట్లా ఒకటే ఎందుకు? పంచాంగంలో హోరలు చూడండి. రోజుకి 24 హోరలు. వాటికి శని, గురు, కుజ, రవి, శుక్ర, బుధ, చంద్రులు వరసగా అధిపతులు, తర్వాత మళ్ళీ శని. మొదటి హోర ఎవరిదైతే రోజు వాళ్ళది. ఆదివారం మొదటి హోర రవిది. ఏడేసి చొప్పున తిరిగి 22వది మళ్ళీ రవికే వస్తుంది. 23వది శుక్రుడిది, 24వది బుధుడిది. తెల్లారితే చంద్రుడు, అంటే సోమవారం!

ఈ లెక్క గ్రీకుల వైపు నుంచి మనకొచ్చింది, హోర అన్న మాటా వాళ్ళదే. సోమవారం నుంచి మంగళవారం ఎలా వస్తుందో మీ పిల్లల చేత వేళ్ళ మీద లెక్కపెట్టించండి.