గోదారి ఫోటో మీద ఎర్ర అక్షరాలు

వరదల కాలంలో ఊళ్లలో కట్టే హెచ్చరిక బ్యానర్ల గురించి రాయమని ఎడిటర్ పంపితే భద్రాచలం వెళ్లాను. ఫ్లెక్సీ దుకాణంలో పెద్ద మిషన్లున్నాయి, సిరా వాసన ఉంది. వాటిని పట్టించుకోలేదు. మూలన కంప్యూటర్ ముందు కూర్చున్న డిజైనర్ దగ్గరే ఉండిపోయాను. ఆయన ఒకప్పుడు ఖమ్మంలో గోడల మీద, దుకాణాల బోర్డుల మీద అక్షరాలు రాసిన పెయింటర్.

తెర మీద చర్ల, దుమ్ముగూడెం దారిలోని ఊళ్ల కోసం చేస్తున్న బ్యానర్ ఉంది. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986లో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చింది. ఆ అంకెలు జనం కంటబడాలనే బ్యానర్. వెనక నిండుగోదారి ఫోటో: పైన మబ్బు పట్టిన ఆకాశం, మధ్యలో అడివి, కింద బురద నీళ్లు. అక్షరాలు ఈ మూడింటి మీదుగా పరుచుకున్నాయి. మొదట తెల్లగా ఉండేవట. ప్రమాదం కాబట్టి ఎర్రగా మార్చమని చేయించేవాళ్లు ఫోన్ చేశారు.

ఆయన ఒక్క నొక్కుతో ఎరుపు చేసి, వెంటనే ఆ డిజైన్‌కు నకలు తీసి నలుపు తెలుపులోకి మార్చాడు. నీళ్ల మీదున్న వరసలో అక్షరాలు మాయమయ్యాయి. "చూడండి సార్, రంగు వేరే గానీ వెలుగు ఒక్కటే," అన్నాడు. కంటికి అక్షరం ఆనేది ముఖ్యంగా వెలుగులో తేడా వల్ల. దాన్ని కొలవడానికి ఒక నిష్పత్తి ఉంది. తేడా ఏమీ లేకపోతే 1, తెలుపు మీద నలుపుకు 21. మామూలు అక్షరానికి కనీసం 4.5, పెద్ద అక్షరానికి 3 ఉండాలని వెబ్ పేజీల కోసం పెట్టిన ప్రమాణం. ఆయన బ్యానర్లకూ దాన్నే వాడుతున్నాడు. ఐడ్రాపర్‌తో నీళ్ల రంగు పట్టాడు: ఎరుపు 160, ఆకుపచ్చ 125, నీలం 85. దాని మీద నిండు ఎరుపు నిష్పత్తి 1.06.

పసుపు పెట్టి చూశాడు. అడివి మీద 10 దాటింది, నీళ్ల మీద 3.5, ఆకాశం మీద 1.36. మూడింటికీ సగటు తీస్తే 5 వస్తుంది, అంతా బాగున్నట్టే అనిపిస్తుంది. కానీ చదివేవాడి కన్ను సగటును చదవదు. ఆకాశం మీద పడ్డ మాట పోతే పోయినట్టే. అందుకే ఆయన ప్రతి వరస కింద అక్షరం రంగుకు అన్నిటికంటే దగ్గరగా ఉన్న మచ్చను వెతికి అక్కడే కొలుస్తాడు.

నన్ను కట్టిపడేసింది ఆ తర్వాత చేసిన పని. తెరను బాగా పెద్దది చేసి ఒత్తులొక్కటే చూసుకుంటూ పోయాడు. ఆ పాత ఫాంటులో ఒత్తు విడి అక్షరం. రంగు మార్చేటప్పుడు అది ఎంపికలోకి రాకపోతే పాత రంగులోనే మిగిలిపోతుంది. 'హెచ్చరిక'లో చ ఒత్తు ఇంకా తెల్లగానే ఉంది. అక్షరాల చుట్టూ నల్లగీత వేస్తే సరిపోదా అని అడిగాను. వేసి చూపించాడు. గీత మందమయ్యేకొద్దీ 'భద్రాచలం'లో భ కింది పొట్టి గీత, ద్ర కింది ర ఒత్తు పూడుకుపోయాయి. ఇంగ్లిష్ అక్షరాలను చూసి పెట్టుకున్న అలవాటు తెలుగుకు పనికిరాదని అక్కడ తెలుస్తుంది. మన అక్షరానికి ప్రాణం సన్నటి భాగాల్లో ఉంది, ముందు పోయేవీ అవే.

గోడ మీద రాసిన రోజుల్లో ఈ బాధ లేదన్నాడు. ముందు నేలరంగు పూసి, అది ఆరాక దానికి ఎదురు నిలిచే రంగుతో రాసేవారు. ఇప్పుడు ఫోటో ముందు వస్తుంది, అక్షరం దాని మీద ఎక్కడో ఇరుక్కుంటుంది. దారి పక్కన ప్రతి బ్యానర్‌లో చూస్తున్నది ఇదే. నాకు కోపం వచ్చేదీ ఇక్కడే. కొత్త మిషన్ వచ్చినంత మాత్రాన నేలరంగు ఆలోచన ఎందుకు పోవాలి? ప్రాణాలకు సంబంధించిన అంకెను చూపించడానికి ఆకాశం అందంగా కనబడాల్సిన పనేముంది?

ఆయన ఆ నేలరంగునే మరో రూపంలో తెచ్చాడు. అక్షరాల వెనక 60 శాతం నల్లపొర పరిచాడు. ఆకాశం మీద పసుపు 1.36 నుంచి దాదాపు 7కి పెరిగింది. తర్వాత తెర మీది లెక్కను నమ్మకుండా ఆకాశం, నీళ్లు రెండూ పడేలా అడుగు వెడల్పు ముక్క ప్రింటు తీసి, రోడ్డుకు అవతల ఎండలో పట్టుకోమని కుర్రవాణ్ణి పంపాడు. తెర వెలుగు చిమ్ముతుంది, ఫ్లెక్సీ మీద పడ్డ వెలుగే తిరిగొస్తుంది కనుక అలా చూడక తప్పదు.

చేయించేవాళ్లు ఫోటో చీకటైందని మళ్లీ ఫోన్ చేశారు. పొరను 45 శాతానికి తగ్గించి కొలిస్తే 4.3 వచ్చింది. పెద్ద అక్షరాల లెక్కలో అది చాలు. "తల అక్షరం పెద్దదే సార్, ఒత్తు చిన్నది గదా," అంటూ ఆయన ఒప్పుకోలేదు. 50 దగ్గర దాదాపు 5 వచ్చింది. అంతకంటే తగ్గించనని ఫోన్‌లో చెప్పి ప్రింటుకు పంపాడు.