నాంపల్లి నుంచి అబిడ్స్‌కు: డిప్లొమా తర్వాత నేరుగా రెండో ఏడాది ఇంజనీరింగ్



పదో తరగతి ఫలితాలు రాగానే మన ఇళ్లల్లో వినబడే మాట ఒక్కటే: ఎంపీసీనా, బైపీసీనా? మా ఇంట్లోనూ అదే అనుకున్నాం. మా అమ్మాయి మాత్రం పాలిసెట్ రాసి, నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లోని కమలా నెహ్రూ మహిళా పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమాలో చేరింది. నుమాయిష్ రోజుల్లో గేటు దగ్గర జనాన్ని తప్పించుకుంటూ క్లాసుకు వెళ్లేది. "ఇంటర్ చేయించకుండా డిప్లొమా ఏమిటి?" అని మా మామయ్యగారు మూడేళ్లూ అడుగుతూనే ఉన్నారు. ఇప్పుడు తను అబిడ్స్‌ చాపెల్ రోడ్డులోని స్టాన్లీ కాలేజీలో బీటెక్ మూడో ఏడు చదువుతోంది. పాత కాలేజీ నుంచి కొత్త కాలేజీకి నడిచి వెళ్లేంత దూరమే. ఆ కొద్ది దూరం దాటడానికి మేము నేర్చుకున్నది మీతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు.

ముందు ఏళ్ల లెక్క చూడండి. ఇంటర్ రెండేళ్లు, బీటెక్ నాలుగేళ్లు కలిపితే ఆరు. డిప్లొమా మూడేళ్లు, తర్వాత నేరుగా రెండో ఏడాదిలో చేరితే బీటెక్ మూడేళ్లు, అదీ ఆరే. కాబట్టి ఇది దగ్గరి దారి కాదు, దూరపు దారీ కాదు. తేడా అంతా సీట్ల దగ్గరా, మొదటి ఏడాది చదవకపోవడం దగ్గరా ఉంది.

ఇలా చేరడానికి రాయవలసిన పరీక్ష ఈసెట్. మా అమ్మాయి రాసిన 2024లో ఉస్మానియా విశ్వవిద్యాలయం నిర్వహించింది. మొత్తం 200 మార్కులు. అందులో లెక్కలు 50, ఫిజిక్స్ 25, కెమిస్ట్రీ 25, మిగతా 100 డిప్లొమాలో చదివిన బ్రాంచి సబ్జెక్టుకే. అర్హత మార్కు 25 శాతం, అంటే 50. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ఈ కనీస మార్కు లేదు. డిప్లొమాలో 45 శాతం ఉండాలి, రిజర్వుడు వర్గాలకు 40 చాలు. ఇవి చూసి "ఇంతేనా, సులువే" అని మేమూ అనుకున్నాం. కానీ 50 మార్కులు ర్యాంకు కార్డు మాత్రమే ఇస్తాయి, సీటు ఇవ్వవు.

ఎందుకో చెబుతాను. ఏఐసీటీఈ నిబంధన ప్రకారం ఒక బ్రాంచిలో మంజూరైన సీట్ల మీద అదనంగా 10 శాతమే ఈ దారిలో నింపుతారు. అరవై సీట్ల సెక్షన్ అయితే ఆరు. ముందు ఏడాది మొదటి సంవత్సరంలో మిగిలిపోయిన ఖాళీలను కూడా దానికి కలపవచ్చు. మూడు మిగిలితే ఆరు కాస్తా తొమ్మిది అవుతుంది. అందరూ కోరుకునే కాలేజీల్లో, అందరూ కోరుకునే బ్రాంచిల్లో ఖాళీలు మిగలవు కనుక అక్కడ ఆరు అంటే ఆరే. పైగా ఏ డిప్లొమా వారు ఏ పేపరు రాయాలో, ఏ బీటెక్ బ్రాంచిలకు అర్హులో ఈసెట్ సమాచార పుస్తకంలోని పట్టికే చెబుతుంది. పదో తరగతి తర్వాత డిప్లొమా బ్రాంచి ఎంచుకున్న రోజే సగం నిర్ణయం అయిపోతుందన్నమాట. పాలిసెట్ కౌన్సెలింగ్‌కు వెళ్లే ముందే ఆ పట్టిక తిరగేయండి. మేము తర్వాత చూశాం. మా అదృష్టం, అమ్మాయి కోరుకున్నది కూడా ఎలక్ట్రానిక్సే.

మమ్మల్ని నిజంగా భయపెట్టింది ఒక బ్యాక్‌లాగ్. నాలుగో సెమిస్టర్‌లో లెక్కల పేపరు ఒకటి పోయింది. "చివరి సెమిస్టర్‌తో కలిపి రాసేస్తాలే అమ్మా" అంది. నేనూ సరేనన్నాను. వాళ్ల లెక్చరర్ ఒకాయన పిలిచి మందలించారు: "ఫైనల్ ఇయర్‌లో ఉండగానే ఈసెట్ రాయనిస్తారమ్మా. కానీ సర్టిఫికెట్ల పరిశీలన నాటికి డిప్లొమా మొత్తం పాసై ఉండాలి. ఆ ఒక్క పేపరు అప్పుడు కూడా పోతే, ర్యాంకు చేతిలో ఉంటుంది, సీటు ఉండదు. ఏడాది ఆగాలి." ఐదో సెమిస్టర్ పరీక్షలతోనే రాయించాం, పాసైంది. ఆయన ఆ మాట చెప్పకపోతే ఏమయ్యేదో ఇప్పటికీ తలుచుకుంటాను.

సర్టిఫికెట్ల సంగతిలో మన స్కూలుకు సంబంధించిన ముక్క కూడా ఒకటి ఉంది. స్థానికత కోసం డిప్లొమా మూడేళ్లకూ, దానికి ముందు ఏడు నుంచి పది వరకు నాలుగేళ్లకూ స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. మధ్యలో స్కూలు మారి ఉంటే పాత స్కూలు నుంచి కూడా తెచ్చుకోవాలి. కౌన్సెలింగ్ వారంలో పరిగెత్తేకంటే పిల్లలు పదో తరగతి దాటగానే తీసి ఫైల్లో పెట్టుకోవడం మేలు.

ఇక క్రెడిట్లు. చాలామంది తల్లిదండ్రులు "డిప్లొమాలో చదివిన సబ్జెక్టులను ఒక్కొక్కటిగా బీటెక్ సబ్జెక్టులతో పోల్చి మినహాయిస్తారు" అనుకుంటారు. నేనూ అలాగే అనుకుని మార్కుల మెమోలన్నీ పక్కపక్కన పెట్టుకుని చూశాను. ఇక్కడ పద్ధతి అది కాదు. మొదటి ఏడాది మొత్తాన్ని ఒకే మూటగా వదిలేస్తారు. జేఎన్‌టీయూహెచ్ నిబంధనల్లో ఇది స్పష్టంగా కనిపిస్తుంది: నాలుగేళ్ల విద్యార్థికి 160 క్రెడిట్లు, మధ్యలో చేరిన వారికి 120. డిప్లొమాలో 90 శాతం తెచ్చుకున్నా 55 శాతం తెచ్చుకున్నా మినహాయింపు అంతే, ఆ మార్కులు సీజీపీఏలో కలవవు. అబిడ్స్‌లోని కాలేజీలు ఉస్మానియా పరిధిలోవి కనుక ఎవరి నిబంధనల పుస్తకం వారు చూసుకోవాలి. చేరే ముందు ఆఫీసులో అడిగితే చూపిస్తారు.

దీని ఫలితం మాకు మొదటి సెమిస్టర్ అయ్యాక తెలిసింది. ప్లేస్‌మెంట్లు మొదలయ్యే నాలుగో ఏడాది ఆరంభానికి మామూలు విద్యార్థి చేతిలో ఆరు సెమిస్టర్ల గ్రేడ్లు ఉంటాయి, మధ్యలో చేరిన వారికి నాలుగే. సెమిస్టర్లన్నిటికీ క్రెడిట్లు సమానమనుకుందాం. ఒక సెమిస్టర్‌లో 5, మిగతా అన్నిటిలో 8 వస్తే మామూలు విద్యార్థికి సగటు 7.5. మా అమ్మాయిలాంటి వారికి 7.25. ఒక చెడ్డ సెమిస్టర్ అంటే లెక్కలో నాలుగో వంతు.

ఆ చెడ్డ సెమిస్టర్ వచ్చేది కూడా చేరిన కొత్తలోనే. ల్యాబ్‌లో మా అమ్మాయి క్లాసులో అందరికంటే ముందుండేది. ఆసిలోస్కోప్ ముందు నిలబడి తికమకపడే పిల్లలకు తనే చూపించేది. కానీ ఎలక్ట్రోమాగ్నెటిక్ ఫీల్డ్స్ పాఠం మొదలవగానే బోర్డు మీద గ్రేడియంట్, డైవర్జెన్స్, కర్ల్ అని రాసుకుపోతుంటే ఒక్క ముక్క అర్థం కాలేదట. అవి వెక్టర్ కాల్‌క్యులస్. మిగతా పిల్లలు మొదటి ఏడాది లెక్కల్లో చదివేశారు. క్రెడిట్లు మినహాయించారు గాని పాఠం మినహాయించలేదు. మళ్లీ చెప్పే బాధ్యత లెక్చరర్‌ది కాదు. ఆ ఆదివారం ఇద్దరం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల దగ్గర మొదటి ఏడాది లెక్కల పుస్తకం కొన్నాం. ఎవరో ముందే పెన్సిల్‌తో గీతలు గీసి పెట్టారు, అదీ ఉపయోగపడింది.

మీ అమ్మాయో అబ్బాయో ఈ దారిలో వెళ్తుంటే ఈసెట్ మేలో అయిపోతుంది, క్లాసులు మొదలయ్యే దాకా కొన్ని వారాలు చేతిలో ఉంటాయి. ఆ వారాల్లో మాత్రికలు, వెక్టర్ కాల్‌క్యులస్ అధ్యాయాలు చదివించండి. కంప్యూటర్ బ్రాంచి కాని పిల్లలైతే సీ ప్రోగ్రామింగ్ కూడా. మేము అవి సినిమాలకీ పెళ్లిళ్లకీ తిరిగి ఖర్చు చేశాం.

మా మామయ్యగారు మొన్న మళ్లీ అడిగారు, ఈసారి వేరే ప్రశ్న: తమ్ముడి మనవడికి కూడా పాలిసెట్ రాయించవచ్చా అని. ముందు వాడికి ఏ బ్రాంచి ఇష్టమో అడగమని చెప్పాను.